వెయ్యి పదాల మెసేజ్, 83 పదాల వాయిస్ ఓవర్

అందరికీ నమస్కారం. పెళ్లి వీడియోకి వాయిస్ ఓవర్ రాయడం గురించి మాట్లాడమన్నారు. మొత్తం చెప్పాలంటే రెండు రోజులు పడుతుంది. అందుకని ఒకే ఒక్క వీడియో పట్టుకొచ్చాను. అదెలా తయారైందో, ఎక్కడ చెడిందో, మళ్లీ ఎలా బాగుపడిందో చెబుతాను. అమ్మాయి పేరు, ఊరు చెప్పను. ఆ మాట ఇచ్చే ఇక్కడికి తెచ్చాను.

పెళ్లికి ముందు రోజు రాత్రి. ఇల్లంతా జనం. పెళ్లికూతుర్ని మేడమీద పడుకోబెట్టారు. చెల్లెలు కింద, చిన్నప్పట్నుంచి వాళ్లిద్దరూ పడుకునే గదిలో ఉంది. అర్ధరాత్రి అక్క మేడమీంచి చెల్లెలికి వాయిస్ మెసేజ్ పంపింది. ఎంతసేపు? 11 నిమిషాల 40 సెకన్లు. ఒకటే మెసేజ్. మధ్యలో ఆపలేదు.

పెళ్లయిన రెండు వారాలకి చెల్లెలు ఆ మెసేజ్ పట్టుకుని మా దగ్గరికొచ్చింది. "వీడియోలో ఇది పెట్టండి" అంది. విన్నాను. అందులో ఏముందో చెప్పనా? చార్జర్ ఉంది. నిజంగానే. మెసేజ్‌లో చార్జర్ ప్రస్తావన ఆరుసార్లు వస్తుంది. తర్వాత తాళం చెవులు, ఎవరో అలిగారన్న సంగతి, చెల్లెలి పరీక్ష ఫీజు, చిన్నప్పుడు ఒకసారి కొట్టిన చెంపదెబ్బకి క్షమాపణ, మళ్లీ చార్జర్. "వింటున్నావా" అని 14 సార్లు అడిగింది. మెసేజ్‌లో అవతలివాళ్లు జవాబు చెప్పరని తెలుసు కదా? అయినా అడిగింది.

మాకున్న వీడియో నాలుగు నిమిషాలది. అందులో మాటకి దొరికే చోటు రెండు నిమిషాల లోపే. ఇక్కడ ఒక లెక్క చెబుతాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. మామూలు మాటల్లో మనం నిమిషానికి 90, 100 తెలుగు పదాలు సులువుగా అనేస్తాం. ఈ మెసేజ్ టైపు చేస్తే దాదాపు వెయ్యి పదాలొచ్చింది, ఇంచుమించు ఆ వేగమే. వాయిస్ ఓవర్ ఆ వేగంతో పరిగెత్తితే కింద బొమ్మలు చూడటానికి ఎవరికీ తీరిక ఉండదు. నేను నిమిషానికి 70 పదాలే వేసుకుంటాను. పైగా అందులో మూడో వంతు సమయం నిశ్శబ్దానికి వదులుతాను. అంటే 1 నిమిషం 50 సెకన్లలో మాట పట్టేది 70, 75 సెకన్లు. 80, 85 పదాలు. వెయ్యిలో 80! మిగతా 920 ఎక్కడికి పోవాలి?

మొదట నేను చేసిన తప్పు చెబుతాను. మెసేజ్ ఒకసారి విని, "సరే, విషయం అర్థమైంది" అనుకుని, కంప్యూటర్ ముందు కూర్చుని రాసేశాను. చదువుతాను, నవ్వకండి. "ప్రియమైన చెల్లీ, మన బాల్యపు మధుర జ్ఞాపకాలు నా మదిలో మెదులుతున్న ఈ వేళ, చీకటికి భయపడే నీకు నేనొక దీపమై నిలిచిన ఆ రాత్రులు..." ఇలా ఒక పేజీ. రాసినప్పుడు బాగానే ఉందనిపించింది. నిజంగా అనిపించింది! పెళ్లికూతురికి పంపాను. ఆమె ఫోన్ చేసి ఏమందో తెలుసా? "అండీ, ఇది వింటే మా చెల్లి పడీపడీ నవ్వుతుంది. నేను దాన్ని ఎప్పుడూ చెల్లీ అని పిలవలేదు. ఏమే అంటాను."

ఏమే అంటాను. ఆ ఒక్క మాటతో నా పేజీ మొత్తం చెత్తబుట్టలోకి వెళ్లింది. ఆలోచించండి, అక్క చెల్లెలితో మాట్లాడేటప్పుడు "మెదులుతున్న ఈ వేళ" అంటుందా? అంటే, చెల్లెలు ముందు జ్వరం ఉందేమోనని చూస్తుంది.

అందుకని మళ్లీ మొదటికొచ్చాను. మూడుసార్లు విన్నాను, ఏమీ రాయకుండా. తర్వాత ఉన్నది ఉన్నట్టు టైపు చేశాను. "ఊఁ", "అదే", "ఏంటంటే" అన్నీ వదలకుండా. పక్కన నిమిషం, సెకను వేశాను. ఇది విసుగు పని. 11 నిమిషాలకి నాకు రెండు గంటలు పట్టింది. కానీ టైపు చేస్తుంటేనే కనబడుతుంది, మనిషి ఎక్కడెక్కడికి తిరిగి తిరిగి వస్తోందో. చార్జర్ సరే. ఇంకొకటి ఉంది. లైటు. 0:50 దగ్గర "లైటు ఆపేసి పడుకో" అంది. 3:10 దగ్గర మళ్లీ లైటు. 6:30, 8:15, ఆఖరున 11:20. ఐదుసార్లు. ప్రతిసారీ ఒక్క ముక్క అని వేరే దానిలోకి వెళ్లిపోయింది.

8:15 దగ్గర ఉన్నది చదువుతాను, జాగ్రత్తగా వినండి. "ఆ చార్జర్ మర్చిపోయాను, నల్లది కాదు తెల్లది, మంచం పక్కన ప్లగ్గులో ఉంటుంది చూడు, పొద్దున్న నువ్వే తీసుకురా, ఆ లైటు ఆపేసి పడుకో, ఆపవులే నువ్వు, నేనేదో రాత్రి పన్నెండింటి దాకా చదివేదాన్ని అనుకుంటావు చూడు, అదంతా అబద్ధం, ఊరికే పుస్తకం తెరిచి పెట్టుకునేదాన్ని, నువ్వు నిద్రపోయేదాకా లైటు ఉండాలి కదా, చీకటంటే భయమని నాన్నకి చెప్పొద్దన్నావు కదా, సరే అదంతా ఇప్పుడెందుకు, చార్జర్ మాత్రం మర్చిపోకు, వింటున్నావా?"

విన్నారా? రెండు చార్జర్ల మధ్య ఇరుక్కుని ఉంది. మొదటిసారి విన్నప్పుడు నేను దీన్ని దాటి వెళ్లిపోయాను. "అదంతా ఇప్పుడెందుకు" అని ఆమే కొట్టేసింది కదా, నేనూ కొట్టేశాను. ఇప్పుడు నా అలవాటు తిరగబడింది. మెసేజ్‌లో ఎవరైనా "సరే అదంతా ఎందుకు", "పోనీలే" అన్నారంటే, దాని ముందున్న నాలుగు వాక్యాలకి రంగు పూస్తాను. ప్రతిసారీ అక్కడే ఉంటుందని కాదు. చాలాసార్లు ఉంటుంది.

ఇక ఏం తీసేశానో చెబుతాను. తాళం చెవులు, ఫీజు, చార్జర్ తీసెయ్యడానికి ఎవరి సలహా అక్కర్లేదు. చెల్లెలి సొంత విషయం ఒకటి 40 సెకన్లు ఉంది. అదేంటో మీకూ చెప్పను. తీసేశాను. అలిగినవాళ్ల సంగతి తీసేశాను. ఆ వీడియో వాళ్లు కూడా చూస్తారు కదా!

కష్టమైంది చెంపదెబ్బ. మా టీమ్‌లో అందరూ "అది ఉండాల్సిందే" అన్నారు. ఒక నిమిషం పైగా ఉంటుంది, గొంతు వణుకుతుంది, వింటే కళ్లల్లో నీళ్లొస్తాయి. నేనూ ఒక రాత్రంతా తన్నుకున్నాను. చివరికి ఎందుకు తీశానంటే, ఆ క్షమాపణ అర్థం కావాలంటే ఎందుకు కొట్టిందో చెప్పాలి. అది చెప్పాలంటే మూడు వాక్యాల కథ కావాలి. ఆ మూడు వాక్యాలు పెట్టగానే వీడియో కొట్టిన అక్క గురించి అయిపోతుంది. తర్వాత లైటు గురించి మాట్లాడితే, పాత తప్పుకి పరిహారం చేస్తున్నట్టు వినబడుతుంది. ఆమె లైటు వేసి ఉంచింది తప్పు చేసినందుకు కాదు. ఒక వాయిస్ ఓవర్‌లో రెండు పెద్ద విషయాలు పక్కపక్కన కూర్చోవు, ఒకదాన్నొకటి తినేస్తాయి. తీసేసిన ఆ నిమిషం చెల్లెలి ఫోన్‌లో ఉంది. అక్కడే ఉండాలి కూడా.

సరే, ఇప్పుడు తయారైంది మొత్తం చదువుతాను.

"ఏమే, పడుకున్నావా?

లైటు ఆపలేదు కదూ. నాకు తెలుసు.

నీకో మాట చెప్పాలి. రాత్రి పన్నెండింటి దాకా చదివేదాన్ని చూడు, అదంతా అబద్ధం. పుస్తకం తెరిచి పెట్టుకునేదాన్ని, అంతే. నువ్వు నిద్రపోయేదాకా లైటు ఉండాలి కదా. చీకటంటే భయమని నాన్నకి చెప్పొద్దన్నావు. చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

వింటున్నావా?

రేపు ఈపాటికి ఆ గదిలో నువ్వొక్కదానివే ఉంటావు. అలమరలో నా వైపంతా ఖాళీ చేశాను. పెట్టుకో నీ బట్టలు. కుర్చీ మీద పడెయ్యకు.

నీ నీలం స్వెట్టర్ తీసుకెళ్తున్నా. అడగలేదు. అడిగితే ఇవ్వవు.

ఆదివారం మేం వస్తాం.

మేం అంటే... ఛ. చూశావా, మేం అనేశాను.

వస్తాంలే. నీ గదిలోనే పడుకుంటా ఆ రాత్రికి.

లైటు ఆపమని చెబుదామనే ఫోన్ తీశాను.

వద్దులే. ఉండనీ.

నీకు నిద్రపట్టేదాకా ఉండనీ."

83 పదాలు. ఇందులో నేను కొత్తగా పుట్టించింది దాదాపు ఏమీ లేదు. "నీకో మాట చెప్పాలి" ఒక్కటి నాది, అతుకు కోసం. "వింటున్నావా" 14లో ఒక్కటే మిగిలింది. అది ఎక్కడ పెట్టానో చూడండి. పాత రాత్రుల నుంచి రేపటి రాత్రికి మారే చోట. అక్కడ "ఇదిలా ఉండగా" లాంటిదేదో కావాలి. ఆమె మాటే ఆ పని చేసింది.

ఇప్పుడు "పెట్టుకో నీ బట్టలు" దగ్గర ఆగుదాం. నేను మొదట "నీ బట్టలు పెట్టుకో" అని రాశాను. వ్యాకరణం చక్కగా ఉంది, క్రియ చివర ఉంది. కానీ మెసేజ్‌లో ఆమె "పెట్టుకో నీ బట్టలు" అంది. మనం మాట్లాడేటప్పుడు ఇలాగే అంటాం. ముందు పని చెప్పేస్తాం, మిగిలింది తర్వాత తోకలా అతికిస్తాం. "తెచ్చావా, అది?" "వస్తున్నాడు, మీ వాడు." రాసేటప్పుడు మాత్రం చెయ్యి దానంతటదే క్రియని చివరికి తోసేస్తుంది. మీరు రాసింది చదువుతున్నట్టు వినబడితే, ముందు ఇక్కడ వెతకండి. అలాగని అన్ని వాక్యాలూ తిప్పెయ్యకండి, అది ఇంకో రకం నటన అవుతుంది. నాకు ఇందులో రెండు చోట్ల సరిపోయింది.

దీనికి అన్నదమ్ముల్లాంటి సంగతి ఇంకొకటుంది. "వెళ్లి, తీసి, సర్ది, ఖాళీ చేసి, పెట్టాను" అని మనం గొలుసు కట్టేస్తాం కదా. చదివేటప్పుడు ఫర్వాలేదు, కన్ను వెనక్కి వెళ్లగలదు. చెవి వెళ్లలేదు. పైగా తెలుగులో అసలు సంగతి వాక్యం చివర్న తేలుతుంది. ఆ చివరి ముక్క వచ్చేలోపు మీరు బొమ్మ మార్చేశారా, మాట ఒక బొమ్మ మీద మొదలై ఇంకో బొమ్మ మీద అర్థమవుతుంది. ఎడిటింగ్ చేసేవాళ్లకి ఈ తలనొప్పి తెలుసు. అందుకే చిన్న వాక్యాలు. "చెప్పలేదు." ఒక్క పదం, ఒక్క బొమ్మ.

ఇక "మేం". ఇది నాకు చాలా ఇష్టమైన చోటు. మనకి "మనం" వేరు, "మేం" వేరు. మనం అంటే ఎదుటివాళ్లు కూడా అందులో ఉన్నారు. మేం అంటే ఎదుటివాళ్లు బయట ఉన్నారు. ఇరవై ఏళ్లు చెల్లెలితో "మనం" అన్న మనిషి, "ఆదివారం మేం వస్తాం" అంది. ఎవరు మేం? తనూ, రేపు భర్త కాబోయే ఆయనా. అంటే మొదటిసారి చెల్లెల్ని "మేం" బయట నిలబెట్టింది. అనగానే తనకే తెలిసింది. "మేం అంటే... ఛ" అని ఆగిపోయింది. మూడు సెకన్లు. పెళ్లి జరిగిపోయిందని చెప్పడానికి ఇంతకన్నా ఏం రాయగలను చెప్పండి? నేను కూర్చుని ఆలోచిస్తే నాకు తట్టేది కాదు. మా అసిస్టెంట్ అయితే మొదట దాన్ని "తడబాటు" అని గుర్తు పెట్టి కోసేశాడు. తప్పు అతనిది కాదు, తడబాట్లు తియ్యమని నేనే చెప్పాను!

కాలం సంగతి కూడా చెప్పాలి. మెసేజ్ పెళ్లికి ముందు రాత్రిది. వీడియో చూసేది పెళ్లయ్యాక. మరి "రేపు" అని ఉంచాలా, "ఆ రోజు" అని మార్చాలా? మార్చి చూశాను. "ఆ రోజు నేను అనుకున్నాను, నువ్వొక్కదానివే ఉంటావని." చప్పగా అయిపోయింది. "రేపు" ఉంచాను. ఉంచినందుకు బొమ్మలు దానికి తగ్గట్టు పేర్చాలి. మొదట్లో వచ్చే బొమ్మలన్నీ ముందు రోజు సాయంత్రం తీసినవే. "రేపు ఈపాటికి" అన్న మాట దగ్గర నుంచి పెళ్లి బొమ్మలు. మాట ఇంకా రాత్రిలోనే ఉంటుంది, బొమ్మ మర్నాటికి వెళ్లిపోతుంది. చూసేవాళ్లకి రేపు ఏమైందో తెలుసు, మాట్లాడే మనిషికి తెలియదు. అది పట్టుకుంటుంది.

బొమ్మా మాటా ఒకటే చెప్పకూడదని అందరం అంటాం. ఎలా తెలుస్తుంది? నేను చేసేది ఇది. ముందు తెర మూసేసి మాట మాత్రం వింటాను. తర్వాత శబ్దం ఆపేసి బొమ్మ మాత్రం చూస్తాను. రెంటిలోనూ ఒకే సంగతి తెలిసిందంటే ఒకటి దండగ. "అలమరలో నా వైపంతా ఖాళీ" అన్నచోట మా దగ్గర ఖాళీ అలమర బొమ్మ ఉంది. దాని కోసమే వెళ్లి మరీ తీశాం, వెలుగు బాగా పడింది కూడా. తీసేశాం. ఆ చోట చెల్లెలు జనంలో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్న బొమ్మ పెట్టాం. ఖాళీ అలమరని చూసేవాళ్లు తమ తలలో చూసుకుంటారు.

ఇప్పుడు రికార్డింగ్. "ఆమె మెసేజే వాడుకోవచ్చు కదా, మళ్లీ రికార్డ్ చెయ్యడం ఎందుకు?" అని మీకు అనిపిస్తుంటుంది. ప్రయత్నించాను. ముక్కలు కోసి అతికిస్తే ఒక వాక్యంలో గొంతు పైన, పక్క వాక్యంలో కింద. అర్ధరాత్రి పడుకుని మాట్లాడిన గొంతు, మొదట గుసగుస, ఆఖరికి మామూలు గొంతు. పైగా వాయిస్ మెసేజ్ పంపేటప్పుడు ఫోను శబ్దాన్ని బాగా కుదించి పంపుతుంది, పెద్ద స్పీకర్లలో మూసుకుపోయినట్టు ఉంటుంది. అందుకని ఆమెని పిలిచి మళ్లీ చెప్పించాం.

మొదటిసారి నిలబెట్టి, కాగితం చేతికిచ్చి చదివించాం. వార్తలు చదివినట్టు వచ్చింది. రెండోసారి చెల్లెల్ని ఎదురుగా కూర్చోబెట్టాం. ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు, అరగంట పోయింది. మూడోసారి లైట్లు తగ్గించి, ఆమెని మంచం మీద పడుకోబెట్టి, కాగితం తీసేసుకుని, ఫోను చేతిలో పెట్టుకుని మాట్లాడమన్నాం. మా మైకు జానెడు దూరంలో, నోటికి కాస్త పక్కగా పెట్టాం. ఎదురుగా పెడితే ప, బ అన్నప్పుడల్లా గాలి కొట్టి టప్‌మంటుంది. పడుకుంటే గొంతు మారుతుంది, ఊపిరి మారుతుంది. మాట దానంతటదే నెమ్మదించింది. 83 పదాలు 72 సెకన్లలో చెప్పింది. నేను లెక్క వేసుకున్నదానికి సరిగ్గా సరిపోయింది. ఇది నా గొప్ప కాదు, పడక గొప్ప.

కానీ ఒక్క చోట రాలేదు. "మేం అంటే... ఛ." పదిసార్లు చేయించాం. ప్రతిసారీ నటనే. పాపం ఆమె ఏం చేస్తుంది, పొరపాటుని కావాలని చెయ్యమంటే? అందుకని ఆ మూడు సెకన్లు మాత్రం అసలు మెసేజ్‌లోంచి తీసుకున్నాం. మరి అతుకు కనబడదా? కనబడింది. మొదటిసారి పెడితే, ఉన్నట్టుండి వెనక ఫ్యాను మొదలై, మూడు సెకన్లకి ఆగిపోయింది. అసలు మెసేజ్‌లో ఫ్యాను తిరుగుతోంది మరి. శబ్దం శుభ్రం చేసే ఫిల్టర్లు వేస్తే ఫ్యానుతో పాటు ఆ "ఛ" కూడా పోయింది. అప్పుడు తిరగేసి ఆలోచించాం. ఆమె మాటల మధ్య ఊరుకున్న చోట నాలుగు సెకన్ల ఫ్యాను హోరు దొరికింది. దాన్నే మళ్లీ మళ్లీ అతికించి, మొత్తం 1:50కి అడుగున పరిచాం. కొత్త రికార్డింగ్‌లో పై స్వరాల మెరుపు కొంచెం తగ్గించి, పాతదానికి దగ్గర చేశాం. ఇప్పుడు మొదట్నుంచీ ఒక గదిలో ఫ్యాను తిరుగుతోంది, అంతే. మొదటి మాటకి ముందే రెండు సెకన్లు ఫ్యాను వినబడుతుంది. రాత్రి అని విడిగా చెప్పక్కర్లేకుండా పోయింది.

సంగీతం గురించి ఒక్క ముక్క. పాట పెట్టాలని ఇంటివాళ్లు పట్టుబట్టారు. మాట ఉన్నంతసేపూ పాటలో సాహిత్యం ఉండకూడదని నేను పట్టుబట్టాను. రెండు గొంతులు పోటీ పడితే చెవి రెంటినీ వదిలేస్తుంది. "ఉండనీ" అయ్యాక పాట వచ్చింది. అందరికీ సంతోషం.

ఇక అనుమతి సంగతి. ఈ మెసేజ్ ఎవరిది? పంపిన అక్కదా, అందుకున్న చెల్లెలిదా? ఇద్దరిదీ అనుకున్నాను. చెల్లెలు తెచ్చి ఇచ్చింది కాబట్టి రికార్డింగ్ మాట తలపెట్టక ముందే అక్కని అడిగాను. మొదట కంగారు పడింది, "మొత్తం విన్నారా?" అని. విన్నానని చెప్పాను. అబద్ధం చెప్పి లాభం లేదు. రాతప్రతి అయ్యాక ఇద్దరికీ కాగితం మీద చూపించాను. ధ్వనిగా కాదు, కాగితం మీద. వింటే కరిగిపోయి సరే అనేస్తారు, చదివితే ఆలోచిస్తారు. "నాన్నకి చెప్పొద్దన్నావు, ఇప్పటికీ చెప్పలేదు" అని ఉంది కదా. ఆ వాక్యం నాన్నతో పాటు ఊరంతా వింటుంది! చెల్లెల్ని అడిగాను. రెండు రోజులు తీసుకుని, "ఉంచండి. కానీ వీడియో వేసినప్పుడు నేను నాన్న పక్కన కూర్చోను" అంది. కూర్చోలేదు కూడా.

వీడియో ఇచ్చేశాక చెల్లెలి నుంచి నాకు ఒకే ఒక్క మెసేజ్ వచ్చింది. "బాగుందండీ. కానీ ఆ స్వెట్టర్ నీలం కాదు, ఆకుపచ్చ. అక్కకి చెప్పండి." అక్కకి ఫోన్ చేసి చెప్పాను. "నీలమే" అంది. పెళ్లి బొమ్మల్లో ఎక్కడా ఆ స్వెట్టర్ కనబడదు. నేను మార్చలేదు.